ఏ పోలవరం అండీ?

రాజమండ్రి బస్టాండులో ‘పోలవరం బస్సు ఎక్కడండీ’ అని అడిగితే ముందు ఎదురు ప్రశ్న వస్తుంది. ‘ఏ పోలవరం అండీ? ప్రాజెక్టు పోలవరమా, ముమ్మిడివరం దగ్గర పోలవరమా?’ అంటారు. కోనసీమలో ఉన్నది ఐ.పోలవరం. పాపికొండల దారిలో, గోదావరి గట్టున ఉన్నది ఏలూరు జిల్లా పోలవరం. వీటికి తోడు 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఒకటి ఏర్పడింది. ఆ జిల్లాలో పోలవరం ఊరు లేదు. ఇన్ని పోలవరాల మధ్య కవరు మీద ‘పోలవరం’ అన్న ఒక్క ముక్క చూసి ఏ పోస్టుమ్యానూ సైకిలెక్కడు. ఆయన చూపు చిరునామాలో అడుగు వరుస నుంచి పైకి నడుస్తుంది. పిన్‌కోడు, జిల్లా, మండలం, ఊరు చూసుకున్నాకే మనిషి పేరు దగ్గరికి వస్తాడు.

బ్యాంకు పేరుతో వచ్చే మెయిల్‌ని కూడా అలాగే అడుగు నుంచి చదవాలి. మనం పైనున్న పేరు చదివి అక్కడే ఆగిపోతున్నాం. దొంగ మెయిల్ పంపేవాడికి కావలసింది ఆ ఒక్క అలవాటే.

పోయిన వేసవిలో మా మేనమామ ఇంటికి పోలవరం వెళ్లాను. ప్రాజెక్టు కోసం రామయ్యపేట, పైడిపాక, సింగన్నపల్లి, దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. మా మావయ్యదీ అలా ఖాళీ అయిన ఊరే. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాడు. భూమికి, ఇంటికి వచ్చిన పరిహారంలో కూతురి పెళ్లికి పోగా మిగిలిన సొమ్ము బ్యాంకులో ఉంది. ఆ ఇంట్లో ఇక అమ్ముకోవడానికి పొలం లేదు. ఉన్నదల్లా ఆ ఖాతాలో అంకె.

రాత్రి భోజనాలయ్యాక ఫోను నా చేతిలో పెట్టాడు.

‘ఒరే అల్లుడూ, రేపటికల్లా ఎకవుంటు ఆపేత్తారంట్రా. పొద్దున్నించీ గుండె దడగానే ఉంది. ఆ నీలం బొత్తం నొక్కి, అదేదో నువ్వే నింపిపెట్టు.’

‘మీకు మెయిల్ ఐడీ ఎక్కడిది మావయ్యా?’

‘ఫోను కొన్నప్పుడు షాపు కుర్రోడు పెట్టాడు. బ్యాంకు కాయితంలో అడిగితే అదే రాశాం.’

మన ఊళ్లలో చాలామందికి ఈమెయిల్ అలాగే వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లు దింపుకోవాలంటే జీమెయిల్ ఖాతా అడుగుతుంది కాబట్టి షాపులో ఒకటి తెరిచేస్తారు. తరవాత ఖాతా కాగితంలో, పథకం దరఖాస్తులో, కరెంటు బిల్లు యాప్‌లో ఎక్కడ గడి ఉంటే అక్కడ ఆ ఐడీయే వేస్తాం. ఎప్పుడూ తెరవని పెట్టె కనుక, ఒకరోజు అందులో బ్యాంకు పేరుతో ఏదైనా కనబడితే అది పెద్ద విషయమే అయి ఉంటుందనిపిస్తుంది. మా మావయ్యకీ అలాగే అనిపించింది.

పేరు మీద వేలు పెడితే

ఆ మెయిల్ ఎలా ఉందో చూపిస్తాను. ఆయన బ్యాంకు పేరు ఇక్కడ వద్దు, ‘మనబ్యాంకు’ అనుకుందాం. మోసగాడి అసలు చిరునామా కూడా మార్చాను. `.example` అన్న తోక ఉదాహరణల కోసమే పక్కన పెట్టింది, దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. మిగతా అమరికంతా ఆ మెయిల్‌లో ఉన్నట్టే ఉంచాను.

```
From: ManaBank Alerts <alerts.manabank@kyc-verify.example>
Reply-To: kycdesk77@mail.example
Subject: URGENT: Account will be BLOCKED in 24 hours
```

ఫోనులో వీటిలో మొదటి రెండు వరుసలూ ఇలా కనబడవు. పైన ‘ManaBank Alerts’ అని లావు అక్షరాల్లో ఉంటుంది, పక్కన గుండ్రటి బొమ్మ ఉంటుంది. అంతే. ఆ లావు అక్షరాల పేరు పంపినవాడు తన చేత్తో కొట్టుకున్నది. మీరు మీ మెయిల్ సెట్టింగులోకి వెళ్లి మీ పేరు బదులు ‘జిల్లా కలెక్టర్’ అని పెట్టుకుంటే, మీ ఉత్తరం అందుకున్నవాళ్లకి అదే కనబడుతుంది. దాన్ని సరిచూసేవాళ్లు ఎవరూ ఉండరు.

కాబట్టి పేరు మీద, లేదా దాని కిందున్న చిన్న బాణం మీద ఒకసారి వేలు పెట్టాలి. అప్పుడు అసలు చిరునామా తెరుచుకుంటుంది. అందులో `@` గుర్తుకు ముందున్నదాన్ని పూర్తిగా వదిలేయండి. అక్కడ `alerts.manabank` అని ఉన్నా, `rbi.governor` అని ఉన్నా దానికి విలువ లేదు, ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. `@` తరవాతున్నది ఇంటి చిరునామా. దాన్ని కుడివైపు చివర నుంచి వెనక్కి చదవాలి. ఇక్కడ చివర `example`, దాని ముందు `kyc-verify`. అంటే ఈ ఉత్తరం `kyc-verify.example` అనే ఇంటి నుంచి వచ్చింది. మనబ్యాంకు ఆ ఇంట్లో ఉండదు.

రెండో వరుస కూడా చూడదగ్గదే. జవాబు రాస్తే అది పంపినచోటికి పోకుండా `kycdesk77` అనే ఇంకో పెట్టెలోకి పోయేలా పెట్టాడు. ‘ఏ శాఖ అండీ మీది’ అని మీరు అడిగినా ఆ ప్రశ్న వాడికే చేరుతుంది, తియ్యగా జవాబు కూడా వస్తుంది. మీరు రిప్లై నొక్కినప్పుడు ‘టు’ గడిలో వేరే చిరునామా వచ్చిందంటే అక్కడే ఆగిపోండి.

ఇదంతా చెప్పాక మావయ్య ఒక మాట అన్నాడు. ‘బ్యాంకులు ఊరికే పేర్లు మార్చేత్తన్నాయి కదరా. ఇదీ అలాంటిదే అనుకున్నాను.’

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. గోదావరి జిల్లాల్లో బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు ఆరేళ్లలో నిజమైన మార్పులు ఎన్నో చూశారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాస్‌బుక్కులు మారాయి, `ANDB` తో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు పోయి `UBIN` వచ్చాయి. ఇప్పటికీ ‘ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తా’ అనేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. తరవాత 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యింది. ‘మీ బ్యాంకు మారింది, వివరాలు చూసుకోండి’ అనే సందేశాలు అప్పట్లో నిజంగానే వచ్చాయి. నిజమైన మార్పుల వెనకే దొంగ మెయిల్ కూడా నడిచొస్తే, అరవై దాటిన మనిషి దాన్ని నమ్మడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

అదే ఏడాది ఇంకో మార్పు వచ్చింది. అది మనకు మేలు చేసే మార్పు, కానీ ఊళ్లలో దాన్ని ఎవరూ గట్టిగా చెప్పలేదు.

మాసబ్‌ట్యాంక్‌లో తాళంచెవి

ఇంతకుముందు బ్యాంకుల చిరునామాలకు ఒక పద్ధతి లేదు. ఒకటి `.com`, ఒకటి `.co.in`, ఇంకొకటి `.in`. అలాంటి పేర్లు ఎవరైనా కొద్ది డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. బ్యాంకు పేరుకి ఒక గీత, ‘సెక్యూర్’ అన్న ముక్క తగిలించి దొంగలు కొనుక్కున్నదీ అందుకే. 2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా ఇక మీదట మన దేశంలో బ్యాంకులన్నిటికీ `.bank.in` అనే తోక ఉంటుందని ప్రకటించారు. ఏప్రిల్ 22న ఉత్తర్వు వెలువడింది. అక్టోబరు 31కల్లా బ్యాంకులన్నీ ఆ చిరునామాకు మారాలని గడువు పెట్టారు.

ఈ తోక ఎవరికివ్వాలో నిర్ణయించేది ఒకే ఒక సంస్థ. అది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, అంటే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. బ్యాంకు అయితేనే అక్కడ పేరు దొరుకుతుంది. క్రెడిట్ కార్డుతో ఇంట్లో కూర్చుని కొనుక్కునే వీలు లేదు. అందుకే స్టేట్ బ్యాంకు చిరునామా ఇప్పుడు `sbi.bank.in`, హెచ్‌డీఎఫ్‌సీది `hdfc.bank.in`.

అంటే బ్యాంకు చిరునామాకు ఒక పిన్‌కోడు వచ్చినట్టే. చివర `.bank.in` ఉండాలి, దానికి సరిగ్గా ముందు మీ బ్యాంకు పేరు ఉండాలి. ‘చివర’ అన్న మాటను మాత్రం పట్టుకోవాలి. ఎందుకో మావయ్య మెయిల్‌లోని నీలం బొత్తమే చెబుతుంది.

నీలం బొత్తం వెనక

బొత్తం మీద ‘Update KYC Now’ అని రాసి ఉంది. ఇలాంటి వాటి మీద ఉన్న అక్షరాలకీ, అది తీసుకెళ్లే చోటికీ సంబంధం ఉండనక్కర్లేదు. పైకి బ్యాంకు వెబ్‌సైటు పేరే నీలం అక్షరాల్లో రాసినా, లోపల ఇంకో చిరునామా పెట్టొచ్చు. కంప్యూటర్లో అయితే నొక్కకుండా దాని మీద బాణం పెట్టి ఆపితే, తెర అడుగున అసలు చిరునామా కనబడుతుంది. ఫోనులో నొక్కి వదిలేయకుండా, వేలు అలాగే అదిమి పట్టుకోవాలి. చిరునామాతో చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫోను తెర ఇరుకు కాబట్టి పొడుగు చిరునామాలో మొదటి భాగమే చూపించి మిగతాది చుక్కలతో మింగేస్తుంది. దొంగలకు కావలసిందీ అదే. అందుకే ‘కాపీ’ అని కొట్టి, నోట్స్‌లోనో ఖాళీ సందేశంలోనో అతికించి పూర్తిగా చూడాలి. నేను అలాగే చేశాను. బయటపడింది ఇది.

```
https://manabank.bank.in.kyc-verify.example/login
```

ఎడమ నుంచి చదివితే `manabank.bank.in` కళ్లకు కట్టినట్టు ఉంది. ఫోను తెర మీద కనబడేది కూడా అంతవరకే. మా మావయ్య బ్యాంకులకు కొత్త తోక వచ్చిందని ఎక్కడో విని ఉంటే ఇంకా గట్టిగా నమ్మేవాడు.

దీన్ని చదివే పద్ధతి ఇది. ముందు `https://` అన్నదాన్ని పక్కన పెట్టండి. తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. ఇక్కడ అది `login` కు ముందుంది. ఆ గీత తరవాతున్నదంతా ఇంట్లో గదుల పేర్లు, మనకు అనవసరం. గీతకు ముందున్న ముక్క నుంచి వెనక్కి రండి. `example`, చుక్క, `kyc-verify`. ఇంటి యజమాని అక్కడే తేలిపోయాడు. ఆ ముందున్న `manabank.bank.in` అంతా ఆ యజమాని తన గుమ్మానికి తగిలించుకున్న బోర్డు. సొంత స్థలంలో ఎవరు ఏ బోర్డు కట్టుకున్నా ఆపేవాళ్లుండరు.

ఇంకో రకం కూడా ఉంది.

```
https://manabank.bank.in@kyc-verify.example/
```

చిరునామా మధ్యలో `@` ఉంటే, దానికి ముందున్నదాన్ని బ్రౌజరు గమ్యంగా లెక్కలోకే తీసుకోదు. తీసుకెళ్లేది దాని తరవాతున్న చోటికి. బ్యాంకు లింకులో ఆ గుర్తు ఉండాల్సిన పని లేదు. కనబడితే ఇంక చూడక్కర్లేదు.

అక్షరాల మాయ కూడా చెప్పుకోవాలి. ఇంగ్లిషు చిన్న `r`, `n` పక్కపక్కన పెడితే ఫోను తెర మీద `m` లా కనబడుతుంది. `l` బదులు `1`, `o` బదులు `0` పెడతారు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇది తెలియడం కష్టం. అక్షరాన్ని అనుమానించడం కన్నా, ఆ చిరునామాను నమ్మకుండా మీకు తెలిసిన దారిలో బ్యాంకుకు వెళ్లడమే సులువు. బుల్లి లింకులు, అంటే `bit.ly` లాంటివి, గమ్యాన్ని పూర్తిగా దాచేస్తాయి. మెయిల్‌లో అలాంటిది ఉంటే చదవడానికి ఏమీ ఉండదు, నొక్కకూడదంతే.

తాళం బొమ్మ గురించి మావయ్య కొడుకు అడిగాడు, కాకినాడలో డిగ్రీ చదువుతున్నాడు. ‘బావా, తాళం ఉంటే సేఫ్ అని కాలేజీలో చెప్పారు కదా?’ తాళం చెప్పేది ఒక్కటే. మీ ఫోనుకీ ఆ వెబ్‌సైటుకీ మధ్య నడిచే మాట దారిలో మూడోవాడు వినలేడని. అవతల కూర్చున్నవాడు మంచివాడో దొంగో దానికి తెలియదు. దొంగ వెబ్‌సైటుకు కూడా ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది.

ఆ బొత్తం నొక్కి ఉంటే ఏమయ్యేదో కూడా ఆ రాత్రి చెప్పాను. బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుంటుంది. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొట్టిన మరుక్షణం అవతలివాడు వాటిని అసలు బ్యాంకు వెబ్‌సైటులో కొడతాడు. అప్పుడు మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది అసలు బ్యాంకే పంపిన అసలు ఓటీపీ. అది చూసి మీకు నమ్మకం ఇంకా పెరుగుతుంది, దొంగ పేజీలో ఓటీపీ కొట్టేస్తారు. తలుపు తెరుచుకునేది వాడికి. ఆ ఓటీపీ మెసేజిలోనే అది దేనికోసమో రాసి ఉంటుంది. కొత్త లబ్ధిదారును చేర్చడానికనో, ఇన్ని వేలు పంపడానికనో ఉంటుంది. అంకె ఒక్కటి చూసి కొట్టేయకుండా ఆ వరుస మొత్తం చదివితే, చివరి మెట్టు మీద కూడా ఆగిపోవచ్చు. కేవైసీ కోసం అనుకున్నవాడికి ‘లబ్ధిదారు’ అన్న మాట కనబడితే మెలకువ వస్తుంది.

ఇరవై నాలుగు గంటల అబద్ధం

ఇక ఆ బెదిరింపు. మెయిల్ లోపల ఇంగ్లిషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. ‘మీ కేవైసీ గడువు ముగిసింది. 24 గంటల్లో అప్‌డేట్ చేయకపోతే మీ ఖాతా, ఏటీఎం కార్డు నిలిపివేయబడతాయి. ఇది ఆఖరి హెచ్చరిక.’ మొదట్లో ‘డియర్ కస్టమర్’ అని ఉంది, మావయ్య పేరు లేదు. ఖాతా నంబరులో చివరి అంకెలు లేవు. శాఖ పేరు లేదు. ఉన్నదల్లా గడియారం.

ఆ గడియారం ఎందుకంటే, గడువు ఇంకాస్త దూరంలో ఉంటే మనిషి నింపాదిగా బ్యాంకుకు వెళ్లి అడుగుతాడు. మావయ్య ఇంటి నుంచి బ్యాంకు నడిచి వెళ్లేంత దూరమే. మెయిల్ వచ్చింది శనివారం. ఆదివారం బ్యాంకు ఉండదు. సోమవారం దాకా ఆగే ధైర్యం లేకుండా చేయడమే ఆ వాక్యం చేసే పని. మెయిల్ చూశాక మధ్యాహ్నం ఆయన అన్నం సరిగా తినలేదని అత్తయ్య చెప్పింది.

నిజానికి కేవైసీ నిబంధన ఎలా ఉందో తెలిస్తే ఆ భయం సగం పోతుంది. రిజర్వు బ్యాంకు లెక్కలో ఖాతాదారులు మూడు తరగతులు. ముప్పు ఎక్కువున్నవాళ్లు 2 ఏళ్లకోసారి, మధ్యరకం వాళ్లు 8 ఏళ్లకోసారి, తక్కువున్నవాళ్లు 10 ఏళ్లకోసారి వివరాలు తాజా చేసుకోవాలి. జీతమో, పింఛనో, పరిహారమో వచ్చి పడే మామూలు ఇళ్ల ఖాతాలు సాధారణంగా ఈ ఆఖరి తరగతిలోకి వస్తాయి. పదేళ్లకోసారి వచ్చే పని, ఒక్క రోజు గడువుతో ఊడిపడదు.

2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంకా స్పష్టంగా రాసింది. గడువుకు ముందే బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి. వాటిలో కనీసం ఒకటి కాగితం మీద రాసిన ఉత్తరం అయి ఉండాలి. గడువు దాటినా స్పందన లేకపోతే మరో మూడుసార్లు గుర్తు చేయాలి, అందులోనూ కనీసం ఒకటి ఉత్తరమే. బ్యాంకులన్నీ 2026 జనవరి 1కల్లా దీన్ని అమలులోకి తేవాలని చెప్పింది. ఒక్క ఉత్తరమూ ఇంటికి రాకుండా ‘ఇది ఆఖరి హెచ్చరిక’ అని మెయిల్ వస్తే, మొదటి హెచ్చరికలు ఏమయ్యాయని అడగాలి.

ఈ మాట చెబుతుండగా అత్తయ్య అందుకుంది. ‘ఉత్తరం వచ్చినా మనకెలా తెలుత్తాది నాయనా? బ్యాంకు బుక్కులో పాత ఊరి పేరే ఉంది కదా.’

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. పాస్‌బుక్కు తెప్పించి చూశాను. మొదటి పేజీలో ఇప్పుడు లేని ఊరి పేరు ఉంది, లేని ఇంటి నంబరు ఉంది. బ్యాంకు నిజంగా ఉత్తరం రాస్తే అది ఎవరికి చేరుతుంది? మెయిల్‌ని సరిచూసుకోవడం గురించి పట్నంలో ఎంత చెప్పినా, ఈ ముక్క పోలవరం వస్తేగానీ తట్టదు. నిర్వాసితుల ఇళ్లలో మెయిల్ ఒక్కటే దారి అయిపోవడానికి ఇదీ ఒక కారణం. కాగితం దారి మూసుకుపోయింది.

ఇంతవరకే సరిపోతుందా

పంపినవాడి చిరునామా చివర `.bank.in` ఉంటే కళ్లు మూసుకుని నమ్మొచ్చా అంటే, అదీ కుదరదు. కవరు వెనక ‘ఫ్రమ్’ అడ్రసు ఎవరైనా ఏదైనా రాయగలిగినట్టే, మెయిల్‌లో `@` తరవాతి భాగాన్ని కూడా దొంగతనంగా రాయడం సాంకేతికంగా సాధ్యమే. దీన్ని అడ్డుకోవడానికి బ్యాంకులూ, మెయిల్ సంస్థలూ కలిసి ముద్ర పద్ధతి పెట్టుకున్నాయి. మెయిల్ బయలుదేరేటప్పుడు బ్యాంకు సర్వరు దాని మీద కంటికి కనబడని ముద్ర వేస్తుంది, అందుకునే జీమెయిల్ దాన్ని సరిచూస్తుంది. ముద్ర సరిపోకపోతే ఎక్కువసార్లు స్పామ్‌లో పడేస్తుంది, లేదా పైన హెచ్చరిక పెడుతుంది. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, పంపినవారి పేరు కిందున్న చిన్న బాణం నొక్కితే `mailed-by`, `signed-by` అనే వరుసలు కనబడతాయి. రెండో వరుసలో మీ బ్యాంకు చిరునామాయే ఉంటే ముద్ర ఆ బ్యాంకుదే అని అర్థం. ఆ వరుసే లేకపోయినా, అక్కడ ముక్కూమొహం తెలియని పేరు ఉన్నా, పైన ఎంత అందమైన చిరునామా ఉన్నా నమ్మొద్దు.

ఇటు తిప్పి చూస్తే, నిజమైన బ్యాంకు మెయిల్ కూడా ఒక్కోసారి పాత చిరునామా నుంచి రావచ్చు, ప్రకటనల మెయిళ్లలో లింకు వేరే సంస్థ మీదుగా పోవచ్చు. కాబట్టి తోక లేదంటే వెంటనే దొంగ అని తీర్పు ఇవ్వలేం. అలాంటప్పుడు నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. మెయిల్ నిజమో అబద్ధమో తేల్చే పని పెట్టుకోను. మెయిల్ మూసేసి, బ్యాంకు యాప్ నేనే తెరుస్తాను, లేదా బ్రౌజర్లో చిరునామా నేనే కొడతాను, లేదా ఏటీఎం కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేస్తాను. నిజంగా పని ఉంటే అక్కడా కనబడుతుంది. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు మాత్రం చేయను. అక్కడ దొంగ నంబర్లు పెట్టేవాళ్లూ ఉన్నారు.

మెయిల్‌తో పాటు వచ్చే జోడింపులు ఇంకా ప్రమాదం. ‘కేవైసీ ఫారం’ అని `.apk` తో ముగిసే ఫైలు వస్తే అది యాప్. దాన్ని ఫోనులోకి ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే, మీ ఎస్సెమ్మెస్‌లు, వాటిలోని ఓటీపీలు నేరుగా వాడికి చేరే ఏర్పాటు మీ చేత్తోనే చేసినట్టు. బ్యాంకు తన యాప్‌ను మెయిల్‌కి తగిలించి పంపదు.

అప్పటికే నొక్కేసి, వివరాలు ఇచ్చేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోవడం చూశాను. తిడతారని కొడుక్కి చెప్పరు, నవ్వుతారని పక్కింట్లో చెప్పరు. దయచేసి అలా చేయొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఒకటే సైబర్ మోసాల నంబరు. ఫిర్యాదు `cybercrime.gov.in` లో కూడా ఇవ్వొచ్చు. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోయేలోపు ఎక్కడో ఒకచోట నిలిపేయడానికి ఆ ఫోను. బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పి ఖాతా, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం, మన తప్పేమీ లేకుండా, బ్యాంకు తప్పు కూడా కాకుండా ఎక్కడో జరిగిన మోసమైతే మూడు పనిదినాల్లోపు తెలియజేసినవారికి నష్టం ఉండదు. మనమే పాస్‌వర్డో ఓటీపీయో ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనది. తెలియజేశాక జరిగేది బ్యాంకుది. సిగ్గుతో ఆలస్యం చేసిన ప్రతి గంటా మన ఖాతాలోంచే పోతుంది.

ఆ రాత్రి మావయ్య ఖాతాలో ఏమీ పోలేదు, ఆయన బొత్తం నొక్కలేదు కాబట్టి. మెయిల్‌ని జీమెయిల్‌లోనే ‘ఫిషింగ్’ అని రిపోర్టు చేశాం. సోమవారం పొద్దున్న ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, ‘మీ కేవైసీకి ఇంకా చాలా టైముందండీ బాబాయ్‌గారూ’ అంది. మావయ్య ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరవాత చిరునామా మార్పు కాగితం అడిగి తీసుకుని, పాత ఊరు కొట్టేయించి కాలనీ పేరు, ఇంటి నంబరు, మండలం, జిల్లా, పిన్‌కోడు రాయించాం.

పునరావాస కాలనీల్లో ఉన్నవాళ్లకు, ఆ కాలనీల్లో అమ్మానాన్నలున్న పిల్లలకు ఒక మనవి. ఈ వారం ఇంట్లో పాస్‌బుక్కు తీసి మొదటి పేజీ చూడండి. అక్కడ మునక ఊరి పేరే ఉంటే బ్యాంకుకు వెళ్లి మార్పించండి. చిరునామా మారిందని స్వయంగా రాసి సంతకం చేసి ఇస్తే చాలు. ఆ కాగితం ఊళ్లోకి వచ్చే బ్యాంకు మిత్ర దగ్గర కూడా ఇవ్వొచ్చు.